ఇల్లు ఖాళీ చేశాము, అడ్వాన్సు ఏది?

ఈపూరు నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె కుట్టుపని చేస్తారు. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు దారిలోనే గడుస్తాయి. అందుచేత ఇంటి అద్దె కాగితం ఆమె పేరుమీదనే రాయించారు. మూడు సంవత్సరాల రెండు నెలలు ఆ ఇంట్లో ఉన్నారు. పెద్దబ్బాయి ఇంటర్మీడియట్ చదువు కోసం కుటుంబం నరసరావుపేటకు మారవలసి వచ్చింది. అక్కడి కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాలి. ఈపూరులో కట్టిన ముప్పై వేల రూపాయలు తిరిగి వస్తాయని, వాటినే అక్కడ కడదామని ఆమె అనుకున్నారు. కానీ పాత ఇంటి యజమాని లెక్క వేసి, 6,850 రూపాయలు మాత్రమే మిగులుతాయని, అవి కూడా కొత్తగా వచ్చినవారు అడ్వాన్సు ఇచ్చాకే ఇస్తానని చెప్పారు. "ఇది న్యాయమేనా? మేము ఏమి చేయాలి?" అన్నది ఆమె ప్రశ్న.

ఇటువంటి ప్రశ్నలు మాకు తరచుగా వస్తుంటాయి. అద్దెకు ఉండేవారూ మన పాఠకులే, ఇల్లు అద్దెకు ఇచ్చేవారూ మన పాఠకులే. ఒకరి పక్షం వహించడం మా ఉద్దేశం కాదు. పేరూ చిరునామా తీసివేసి ఈ ఉత్తరాన్ని సివిల్ వ్యవహారాలు చూసే ఒక న్యాయవాదికి చూపించాము. ఆయన క్లుప్తంగానే స్పందించారు. ఆ నాలుగు మాటలను వివరించి ఇక్కడ ఇస్తున్నాము.

ఆయన మొట్టమొదట అన్న మాట ఇది: "నేను చెప్పేది సాధారణ సమాచారం మాత్రమే. ఆ అద్దె కాగితం నేను చదవలేదు, ఇల్లు చూడలేదు, యజమాని మాట వినలేదు. కాగితంలోని ఒక్క వాక్యం జవాబును మార్చివేయగలదు. కాబట్టి నా మాట పట్టుకుని ఎవరూ తగాదాకు వెళ్ళవద్దు. వినుకొండలోనో నరసరావుపేటలోనో ఒక న్యాయవాదికి కాగితాలు చూపించిన తరువాతే అడుగు వేయమనండి."

ఈ హెచ్చరికను పాఠకులు చివరివరకు గుర్తుంచుకోవాలని మా మనవి.

ముందుగా లెక్క చూద్దాం

సోదరి పంపిన వివరాల ప్రకారం నెల అద్దె 4,500 రూపాయలు. అడ్వాన్సు మొత్తం 30,000. ఇందులో 20,000 రూపాయలు చేరిన రోజునే ఇచ్చారు, అది అద్దె కాగితంలో రాసి ఉంది. మిగిలిన 10,000 రెండవ నెలలో ఫోన్ ద్వారా యజమాని బ్యాంకు ఖాతాకు పంపారు. కాగితం పదకొండు నెలలకు రాసుకున్నది. గడువు తీరాక కొత్త కాగితం రాసుకోలేదు. అద్దె మాత్రం నెలనెలా ఇస్తూ వచ్చారు, యజమాని తీసుకుంటూ వచ్చారు.

ఇల్లు ఖాళీ చేసినప్పుడు యజమాని నాలుగు పద్దుల కింద కోత పెట్టారు. ఇల్లంతా రంగులు వేయించడానికి 14,000. వంటగదిలో పగిలిన గ్రానైట్ బల్లకు 3,500. చివరి నెల కరెంటు బిల్లు 1,150. నెల రోజుల ముందు చెప్పకుండా ఖాళీ చేసినందుకు ఒక నెల అద్దె 4,500. మొత్తం 23,150 రూపాయలు. ముప్పై వేలలో ఇవి పోగా 6,850 మిగిలాయి.

గ్రానైట్ బల్ల తమ చేతిమీదనే పగిలిందని, కరెంటు బిల్లు తామే కట్టవలసి ఉందని సోదరి నిజాయితీగా ఒప్పుకున్నారు. ఆమె అభ్యంతరం రంగుల మీద, నెల అద్దె మీద.

అడ్వాన్సు ఎవరి సొమ్ము?

న్యాయవాది చెప్పిన మూలసూత్రం తేలికగా అర్థమయ్యేదే. అడ్వాన్సు అద్దె కాదు. అద్దెదారు బాధ్యతలకు హామీగా యజమాని వద్ద ఉంచిన సొమ్ము అది. ఇల్లు అప్పగించిన రోజున, అద్దెదారు నిజంగా బాకీపడినదేదో అది మినహాయించి మిగతాది తిరిగి ఇవ్వవలసి ఉంటుంది. కాగితంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, కొత్త అద్దెదారు వచ్చేవరకు ఆగమనడానికి సాధారణంగా ఆధారం ఉండదు. కొత్తవారు ఎప్పుడు వస్తారన్నది పాత అద్దెదారు చేతిలో లేని విషయం.

ఆ సోదరి మరొక సందేహం కూడా అడిగారు. ఇళ్ళకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని ఫోన్‌లో ఎవరో చెప్పగా విన్నారట. ఆరు నెలల అద్దెకు పైగా తీసుకోవడం అక్రమమేనా అన్నది ఆమె సందేహం. ఆ మాటకు మూలం 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం. నివాస గృహాలకు రెండు నెలలు, ఇతర కట్టడాలకు ఆరు నెలల అద్దెను అడ్వాన్సుకు పరిమితిగా అందులో సూచించారు. అయితే అది పేరుకు తగ్గట్టు నమూనాయే. రాష్ట్రాలు తమ చట్టాలలోకి తీసుకుంటేనే దానికి బలం వస్తుంది. మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రధానంగా పురపాలక ప్రాంతాలను ఉద్దేశించినది. తరువాత 2017లో కొత్త చట్టం వచ్చింది. వినుకొండ పురపాలక పట్టణం, ఈపూరు గ్రామ పంచాయతీ. కాబట్టి ఏ చట్టం ఏ ఊరికి ఎంతవరకు వర్తిస్తుందన్నది స్థానిక న్యాయవాది చూసి చెప్పవలసిన సంగతి. "ఆ తగవులోకి వెళ్ళకపోయినా ఈ సోదరి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది" అన్నారు ఆయన. తీసుకున్నది ఎక్కువా తక్కువా అన్నది అటుంచి, తీసుకున్నదానిలో ఎంత మినహాయించవచ్చు అన్నదే ఇక్కడ అసలు విషయం.

వాడుకలో అరిగినది, చేతిమీద పగిలినది

ఈ విషయంలో దేశమంతటికీ పునాదిగా ఉన్నది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని 108వ సెక్షనులో యజమాని, అద్దెదారుల బాధ్యతలు ఉన్నాయి. ఇల్లు ఏ స్థితిలో తీసుకున్నారో ఆ స్థితిలోనే అద్దెదారు అప్పగించాలి. అయితే న్యాయమైన వాడుక వలన వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని శక్తుల వలన కలిగే నష్టం దీనికి మినహాయింపు. వేరే ఒప్పందం లేనప్పుడు ఈ నియమం వర్తిస్తుంది.

మూడు సంవత్సరాలలో గోడల రంగు వెలిసిపోతుంది. పొయ్యి పైన గోడ కొంత నల్లబడుతుంది. తలుపు గడియ వదులవుతుంది. కుళాయి లోపలి వాషరు అరిగి నీరు కారుతుంది. మనుషులు కాపురం ఉన్న ఏ ఇంట్లోనైనా ఇవి జరుగుతాయి. యజమాని నెలనెలా తీసుకునే అద్దెలో ఈ అరుగుదల కూడా కలిసే ఉంటుందని భావించాలి. దీనికి మళ్ళీ అడ్వాన్సులో కోత పెడితే, ఒకే దానికి రెండుసార్లు వసూలు చేసినట్టవుతుంది.

గ్రానైట్ బల్ల సంగతి వేరు. దానిమీద రోలు పెట్టి దంచితే పగిలింది. అది అరుగుదల కాదు, నష్టం. పిల్లలు గోడంతా రంగు పెన్సిళ్ళతో గీసినా, మేకులు దిగ్గొట్టి పెచ్చులు ఊడగొట్టినా, చెప్పకుండా గోడకు రంధ్రం చేసినా అదీ నష్టమే. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి న్యాయవాది ఒక చిన్న ప్రశ్న చెప్పారు: "ఆ ఇంట్లో యజమానే స్వయంగా, జాగ్రత్తగా, అన్ని రోజులు ఉండి ఉన్నా ఇది జరిగేదా?" జరిగేదే అయితే అది అరుగుదల. జరిగేది కాదంటే నష్టం.

ఈ కొలత ప్రకారం చూస్తే, ఇల్లంతా రంగులు వేయించిన 14,000 రూపాయలను అద్దెదారు మీద వేయడం కష్టం. ఫలానా గదిలో ఫలానా గోడ పిల్లల వలన పాడైందని యజమాని చూపగలిగితే, ఆ గోడ మేరకు ఖర్చు అడగవచ్చు. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చుకు ఇంత మినహాయిస్తామని కొన్ని అద్దె కాగితాలలో స్పష్టంగా రాస్తారు. అటువంటి షరతు మీద సంతకం చేసి ఉంటే పరిస్థితి మారుతుంది. ఈ సోదరి పంపిన నకలులో "యథాస్థితిలో అప్పగించవలెను" అని మాత్రమే ఉంది, రంగుల ప్రస్తావన లేదు.

గ్రానైట్ బల్లకు కూడా యజమాని చెప్పిన అంకె కాక, బాగుచేయించిన బిల్లు చూడాలి. పాత బల్లకు బదులు అంతకంటె ఖరీదైన కొత్త బల్ల వేయించి, ఆ మొత్తం అద్దెదారు మీద వేయడం తగదు. ఈ ఉదంతంలో 3,500 సరైన బిల్లేనని సోదరి అంగీకరించారు కనుక దాన్ని అలాగే ఉంచుదాం.

నెల రోజుల ముందు చెప్పకపోతే?

ఈ అంశంలో సోదరి వైపు కొంత లోపం ఉందని న్యాయవాది నిర్మొహమాటంగా చెప్పారు. కాగితంలో ఒక నెల ముందు తెలియజేయాలని ఉంది. ఆమె ఇరవై రోజుల ముందు, అదీ నోటిమాటగా చెప్పారు.

పదకొండు నెలల గడువు తీరిన తరువాత కూడా యజమాని అద్దె తీసుకుంటూ ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, అది నెలనెలా సాగే అద్దెగా కొనసాగుతుందని అదే చట్టం 116వ సెక్షను చెబుతుంది. నెలనెలా సాగే అద్దెను ముగించడానికి పదిహేను రోజుల వ్రాతపూర్వక నోటీసు చాలునని 106వ సెక్షను చెబుతుంది. అయితే పాత కాగితంలోని నెల రోజుల షరతు గడువు తరువాత కూడా కొనసాగిందని యజమాని వాదించవచ్చు. ఆ వాదనకు బలం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఎలా చూసినా నోటిమాట నోటీసు కాదు. "ఇరవై రోజుల ముందు ఒక కాగితం ముక్క మీద రాసి సంతకం చేసి ఇచ్చి, నకలు మీద యజమాని సంతకం తీసుకుని ఉంటే ఈ పద్దు ఇంత చిక్కుగా ఉండేది కాదు" అన్నారు ఆయన.

అయితే లోపం ఉన్నంత మాత్రాన నెల అద్దె మొత్తం పోయినట్టేనా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ఇక్కడ అక్కరకు వస్తుంది. ఒప్పందం తప్పితే ఇంత చెల్లించాలని ముందుగా రాసుకున్నా, ఆ మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారం ఎంతో అంతే ఇప్పించాలి. 1963లో ఫతే చంద్, బాలకిషన్ దాస్‌ల మధ్య జరిగిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని ముందే చెల్లించిన డిపాజిట్టు సొమ్ముకు కూడా వర్తింపజేసింది. అది ఇల్లు అద్దె కేసు కాదు, ఆస్తి విక్రయపు కేసు. అయినా డిపాజిట్టు చేతిలో ఉన్నది కదా అని జరిగిన నష్టంతో సంబంధం లేకుండా ఉంచేసుకోవడం కుదరదన్న సూత్రానికి అది ఈనాటికీ ఆధారంగా నిలుస్తున్నది.

ఈ సోదరి ఇల్లు ఖాళీ చేసిన పది రోజులకే అందులో మరొక కుటుంబం చేరింది. అంటే యజమాని అద్దె కోల్పోయినది పది రోజులు. నెలకు 4,500 అంటే రోజుకు 150. పది రోజులకు 1,500. న్యాయమైన పరిహారం ఆ దరిదాపుల్లో ఉంటుందని ఆయన అభిప్రాయపడ్డారు.

ఇప్పుడు లెక్క మళ్ళీ వేద్దాం. గ్రానైట్ బల్లకు 3,500, కరెంటుకు 1,150, ఖాళీగా ఉన్న పది రోజులకు 1,500. మొత్తం 6,150. ముప్పై వేలలో ఇవి పోగా 23,850 రూపాయలు తిరిగి రావాలి. యజమాని ఇస్తానన్న 6,850కి, దీనికి తేడా 17,000. కుట్టుమిషను మీద బ్రతికే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఇది ఒక పక్షం మాట విని వేసిన లెక్క అని మళ్ళీ గుర్తుచేస్తున్నాము. యజమాని వద్ద మరేదైనా ఆధారం ఉంటే ఈ అంకె మారవచ్చు.

ఇక చేయవలసినది

మొదటిది, ఆధారాలు ఒకచోట చేర్చడం. అసలు అద్దె కాగితం లేదా దాని నకలు, పదివేలు పంపిన నెల బ్యాంకు ఖాతా పట్టిక, అద్దె చెల్లించిన వివరాలు, ఖాళీ చేసేనాటి ఫోటోలు కావాలి. యజమానితో జరిగిన ఫోన్ సందేశాలను చెరిపివేయకూడదు, ఆ ఫోన్‌ను అమ్మివేయకూడదు. ఫోన్‌లోని సందేశాన్ని కోర్టులో సాక్ష్యంగా ఇవ్వాలంటే దానితోపాటు ఒక ధ్రువపత్రం జతపరచవలసి ఉంటుంది. ఆ పని న్యాయవాది చూసుకుంటారు. మీరు చేయవలసిందల్లా అసలును కాపాడడమే.

కాగితం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని కొందరు అడుగుతుంటారు. సంవత్సరానికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలకు రాస్తారు. గడువు తీరిన ఆ కాగితం పనికిరాదని దాన్ని పారవేయకూడదు. అడ్వాన్సు ఎంత ఇచ్చారన్నదానికి అదే మొదటి ఆధారం. స్టాంపు సుంకం సరిపోకపోతే దాన్ని జరిమానాతో కట్టవలసి రావచ్చు.

రెండవది, యజమానికి మర్యాదగా ఒక ఉత్తరం రాయడం. ఇల్లు అప్పగించిన తేదీ, ఇచ్చిన అడ్వాన్సు, తాము ఒప్పుకుంటున్న కోతలు, ఒప్పుకోని కోతలకు కారణం, రావలసిన మొత్తం, చెల్లించడానికి పదిహేను రోజుల గడువు అందులో ఉండాలి. నిందలు, బెదిరింపులు ఉండకూడదు. చేరినట్టు రుజువు లభించే తపాలాలో పంపి, నకలు ఉంచుకోవాలి. ఒప్పుకున్న కోతలను ముందే రాయడం బలహీనత కాదు. ఆ ఉత్తరం రేపు మధ్యవర్తి ముందుకు వెళ్ళినా, న్యాయాధికారి ముందుకు వెళ్ళినా, రాసినవారు న్యాయంగా మాట్లాడారని అదే చెబుతుంది.

ఇక్కడ వడ్డీ ప్రస్తావన వస్తుంది. ఆలస్యమైన సొమ్ముకు వడ్డీ కోరే అవకాశాన్ని చట్టం ఇస్తుంది, నోటీసులలో ఆ వాక్యం అలవాటుగా చేరిపోతుంది. కానీ కోరి తీరాలన్న నియమం లేదు. వడ్డీ వద్దనుకునే పాఠకులు ఆ సంగతి న్యాయవాదికి ముందే చెప్పి, అసలు సొమ్ము, ఖర్చులు మాత్రమే అడగమనవచ్చు.

మూడవది, మధ్యవర్తిత్వం. ఊరి పెద్దల సమక్షంలోనో, మస్జిదు కమిటీ సమక్షంలోనో కూర్చుని తేల్చుకోవడం మంచిదే. అయితే కుదిరిన మాటను కాగితం మీద పెట్టి, ఇద్దరూ సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించాలి. బాకీ వ్యవహారాలను రాసి సాక్షులను ఉంచుకోవాలని ఖురాన్‌లోని బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తున్న సంగతి మన పాఠకులకు తెలిసినదే. అద్దె ఇంటి విషయంలో మనం దాన్ని తరచుగా మరచిపోతుంటాము.

అక్కడ తేలకపోతే న్యాయసేవా సంస్థ ఉంది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. అద్దె కాగితం ఈ సోదరి పేరుమీదనే ఉంది కనుక ఆమె స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీ కార్యాలయంలో గాని, 15100 నంబరుకు ఫోన్ చేసి గాని వివరాలు తెలుసుకోవచ్చు. కేసు వేయకముందే ఇటువంటి తగాదాను లోక్ అదాలత్ ముందు పెట్టే వీలుంది. అక్కడ ఇరుపక్షాలు రాజీపడితే ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అందుచేత సంతకం చేసే ముందు అంకె సరిగా చూసుకోవాలి. యజమాని రాజీకి రాకపోతే మిగిలేది సివిల్ కోర్టులో సొమ్ము కోసం దావా. దానికి సాధారణంగా మూడు సంవత్సరాల కాలపరిమితి ఉంటుంది. అది ఏ రోజు నుండి లెక్కకు వస్తుందన్నది వివాదం కావచ్చు కనుక ఆలస్యం చేయకపోవడమే మేలు.

చేయకూడనివి కూడా న్యాయవాది రెండు చెప్పారు. అడ్వాన్సు ఇవ్వనిదే తాళం ఇవ్వమని ఇంటిని పట్టుకుని కూర్చుంటే, ఆ రోజులన్నిటికీ అద్దె లెక్క పెరుగుతుంది. యజమాని అనుమతి లేకుండా చివరి నెలల అద్దె ఆపివేసి అడ్వాన్సులో సరిపెట్టుకోమంటే, అద్దె ఎగవేసిన అపవాదు మన మీదకే వస్తుంది. అలా చేయాలనుకుంటే యజమాని అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇల్లు అద్దెకు ఇచ్చే పాఠకులకు ఒక మాట. చేరేరోజున ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి, గోడలు, కుళాయిలు, స్విచ్చులు, వంటగది బల్ల ఎలా ఉన్నాయో ఒక కాగితంపై రాసి, ఫోటోలు తీసి, ఇద్దరూ సంతకం చేస్తే అరగంట పడుతుంది. ఖాళీ చేసేరోజున అదే కాగితం పట్టుకుని మళ్ళీ తిరగండి. కోత పెట్టవలసి వస్తే ప్రతి కోతకూ బిల్లు జతపరచండి. ఈ ఉదంతంలో ఆ కాగితం ఉండి ఉంటే, రంగుల మీద ఇంత వాదన ఉండేది కాదు.

ఈపూరు సోదరికి మా జవాబు ఇది. ఉత్తరం ఈ వారమే రాయండి. 3,500, 1,150 రూపాయలు మీరు ఒప్పుకుంటున్నట్టు అందులో పెట్టండి. పది రోజుల అద్దె విషయం, పాత షరతు విషయం న్యాయవాదికి కాగితం చూపించి నిర్ణయించుకోండి. మేము ఇక్కడ రాసింది మీకు విషయం అర్థం కావడానికే గాని, మీ కేసులో సలహా కాదు. మీ ప్రాంతపు కోర్టులో పనిచేసే న్యాయవాది మాటే మీకు ప్రమాణం కావాలి.